పదహారు వేలకి వెళ్ళనా, బావా?

2019 ఫిబ్రవరిలో ఒక రాత్రి మా బావమరిది ఫోన్ చేశాడు. జీడిమెట్లలో వాడు పనిచేసే చిన్న కంపెనీ జనవరి నెలాఖరున మూతపడింది. సీఎన్‌సీ మెషీన్ల మీద పంపుల విడిభాగాలు చేసేవాళ్ళు. అక్కడ వాడి జీతం 18,000. మూడు వారాలు షెడ్డు షెడ్డూ తిరిగాక బాలానగర్‌లో ఒకాయన 16,000 ఇస్తానన్నాడట. "రేపు పొద్దున పదింటికల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు. వెళ్ళనా, బావా?"

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు నాకు క్లాసులో ఎప్పుడూ దొరకరు. టీపాయ్ మీదున్న శుభలేఖ తిరగేసి, వెనక లెక్క వేసి, "వెళ్ళకు, ఆగు. పద్దెనిమిదిన్నరకి తక్కువైతే ఒప్పుకోకు" అన్నాను. వాడు "సరే బావా" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు ఎనిమిదిన్నరకే వెళ్ళి ఆ పదహారు వేల పనిలో చేరిపోయాడు.

నాకు కోపమొచ్చింది. తర్వాత చాలా రోజులు ఆ శుభలేఖని మళ్ళీ మళ్ళీ చూశాను. లెక్కలో తప్పు లేదు. వాడు చేసిందీ తప్పు కాదు. నిరుద్యోగులకి భృతి ఇస్తే సోమరులవుతారని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

ముందు లెక్క చెప్తాను. పని వెతుక్కునే ప్రతివాడి మనసులోనూ ఒక గీత ఉంటుంది. దాని పైన ఎంత వచ్చినా ఒప్పుకుంటాడు, కిందదైతే వద్దంటాడు. దీన్నే రిజర్వేషన్ వేజ్ అంటారు. మన దగ్గర రిజర్వేషన్ అనగానే మనసు ఇంకెక్కడికో పోతుంది కాబట్టి నేను క్లాసులో కూడా 'గీత' అనే అంటాను. ఆ గీత ఎక్కడ పడాలో 1970లో జాన్ మెక్‌కాల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక పేపర్లో లెక్కగట్టి చూపించాడు. ఆయన అడిగిందల్లా ఒకటే: చేతిలో ఉన్న ఈ ఆఫర్ వదిలేసి ఇంకో నెల ఆగితే పోయేదెంత, వచ్చేదెంత?

మా వాడి సంగతికి దీన్ని ఇలా వేశాను. వాడి అనుభవానికి జీడిమెట్ల, బాలానగర్ చుట్టుపక్కల 14,000 నుంచి 22,000 దాకా ఇస్తారు. మధ్యలో ఏ అంకె అయినా సమానంగా రావచ్చనుకుందాం. నెలకి ఒక ఆఫర్ వస్తుందనుకుందాం. అలాంటి షెడ్లలో ఒక పని సగటున రెండేళ్ళు, అంటే 24 నెలలు నిలుస్తుందనుకుందాం.

చేతిలో 16,000 ఉంది. ఒక నెల ఆగితే ఆ నెల జీతం, 16,000, పోతుంది. వచ్చే ఆఫర్ దీనికన్నా మెరుగ్గా ఉండే అవకాశం నాలుగింట మూడొంతులు. మెరుగ్గా ఉంటే సగటున 3,000 ఎక్కువుంటుంది. 24 నెలలకి 72,000. అందులో మూడొంతులు 54,000. పోయేది 16,000, వచ్చేది 54,000. ఆగాలి. అదే చేతిలో 20,000 ఉంటే? ఆగినందుకు 20,000 పోతుంది. అంతకన్నా మంచిది వచ్చే అవకాశం పావు వంతు, వచ్చినా సగటున వెయ్యే ఎక్కువ. 24 నెలలకి 24,000, అందులో పావు 6,000. కళ్ళుమూసుకుని చేరిపోవాలి. ఈ రెండింటి మధ్య పోయేదీ వచ్చేదీ సమానమయ్యే చోటు 18,500 దగ్గర ఉంది. అదే గీత. అదే వాడికి ఫోన్లో చెప్పాను.

ఇప్పుడు ఇందులోకి భృతిని తీసుకొద్దాం. ఇదేం ఊహ కాదు. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకి 2018 జూలై 1 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే పథకం మొదలైంది. పని పోయినవాళ్ళకి సగటు రోజు సంపాదనలో 25 శాతం చొప్పున 90 రోజుల దాకా ఇచ్చేవారు. 2020లో దాన్ని 50 శాతానికి పెంచారు. మా వాడి 18,000 జీతానికి పాత లెక్కన నెలకి 4,500, కొత్త లెక్కన 9,000.

భృతి వస్తే, ఆగినందుకు పోయేది తగ్గుతుంది. 9,000 చేతికొస్తుంటే 18,500 ఆఫర్ వదులుకున్నందుకు పోయేది 9,500 మాత్రమే, వచ్చేది మాత్రం 18,000 పైనే. కాబట్టి గీత పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుంది? ఏటా క్లాసులో ఇక్కడ ఆగి పిల్లల్ని ఊహించమంటాను. ఎక్కువమంది 'తొమ్మిది వేలు' అనో 'దానిలో సగం' అనో అంటారు. లెక్క వేస్తే గీత 18,500 నుంచి సుమారు 19,400కి చేరుతుంది. తొమ్మిది వేలిస్తే తొమ్మిది వందలు కదిలింది. నెలకి 4,500 అయితే గీత 18,900. అంటే భృతిని 25 నుంచి 50 శాతానికి రెట్టింపు చేస్తే మనిషి అడిగే జీతం పెరిగింది దాదాపు 500 రూపాయలు. వెతుకులాట సగటున రెండు వారాలు పెరిగింది.

ఇంత తక్కువెందుకంటే, భృతి వచ్చేది ఖాళీగా ఉన్న ఆ రెండు మూడు నెలలే. జీతం వచ్చేది రెండేళ్ళు. రెండు మూడు నెలల డబ్బు చూసుకుని రెండేళ్ళ డబ్బుని ఎవడూ కాలదన్నుకోడు. పని ఆరు నెలల కాంట్రాక్టే అయితే కథ మారుతుంది. అప్పుడు మంచి జీతం కోసం ఆగడంలో లాభం తక్కువ కాబట్టి గీతే కిందికి దిగుతుంది, దాన్ని భృతి కదిలించే దూరమూ పెరుగుతుంది. పైగా నేను ఈ లెక్కలో భృతి ఎన్నాళ్ళైనా వస్తుందనుకున్నాను. 90 రోజులకే ఆగిపోతుందని తెలిసిన మనిషి గీతని అంత కూడా జరపడు, గడువు దగ్గరపడేకొద్దీ కిందికి దించుకుంటూ వస్తాడు.

మన దగ్గర 2018 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యువనేస్తం పేరుతో నెలకి వెయ్యి రూపాయలు ఇచ్చినప్పుడు, పిల్లలు ఇక పనిలో చేరరని దిగులుపడ్డవాళ్ళు నా స్టాఫ్‌రూమ్‌లోనే ఇద్దరున్నారు. పై లెక్కలో వెయ్యి పెడితే గీత జరిగేది వంద రూపాయలు. ఆ మాట అంటే నవ్వారు. నవ్వు వచ్చే సంగతే.

ఇంతవరకూ శుభలేఖ. ఇక మా వాడి దగ్గరికొస్తాను.

కోపం చల్లారాక ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. గాజులరామారంలో రెండు గదుల ఇల్లు. లెక్క విడమరిచి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అంతా బాగానే ఉంది బావా, మరి ఐదో తారీఖు?" అన్నాడు. ఐదో తారీఖు అద్దె. పదో తారీఖు చీటీ. చీటీ ఒక నెల కట్టకపోతే తర్వాతెవరూ చేర్చుకోరు. పాప ఫీజు మూడో టర్ము. అన్నీ కలిపి నెలకి 14,000 లేకుండా ఇల్లు గడవదు. చివరి నెల జీతం కంపెనీ ఇంకా ఇవ్వలేదు.

నేను వెంటనే వడ్డీ లెక్క తీశాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నా, 14,000కి నెలకి 420. ఆగితే వచ్చే లాభం ముందు 420 ఒక లెక్కా? వాడు నా వైపు జాలిగా చూశాడు. "వడ్డీ ఎవరడిగారు బావా. పని లేనోడికి అప్పు పుట్టదు."

నా శుభలేఖ మీద లేని గడి అదే. మెక్‌కాల్ లెక్కలో మనిషి ఆగాలనుకుంటే ఆగగలడు. తిండికి, అద్దెకి ఎక్కణ్ణుంచో వస్తూనే ఉంటుంది. ఆ లెక్క సగటు చూస్తుంది, మనిషి మాత్రం చివరి కొస చూస్తాడు. 18,500 గీత పెట్టుకుంటే ఏ నెలైనా ఒప్పుకోదగ్గ ఆఫర్ రాకపోయే అవకాశం నూటికి 56. మూడు నెలలు వరసగా రాకపోయే అవకాశం నూటికి 18. అంటే నా సలహా విన్న ఆరుగురిలో ఒకరు మూడు నెలల తర్వాత కూడా ఖాళీగానే ఉంటారు. జీతం పడకపోయినా బ్యాంకులో డబ్బున్న నాలాంటివాడికి అది చికాకు. వాడికి అది ఇల్లు ఖాళీ చేయడం. అందుకే వాడి అసలు గీత 18,500 కాదు. మొదటి వారంలో ఎంతుందో గానీ, ఐదో తారీఖు దగ్గరపడేసరికి 14,000కి, అంటే నెల ఖర్చు దగ్గరికి, జారిపోయింది. పదహారు వేలంటే గీత పైనే. వాడికది మంచి ఆఫర్.

ఇలా చూస్తే భృతి చేసే పని వేరుగా కనిపిస్తుంది. పెరిగిన ఆ రెండు వారాల్లో రెండు ముక్కలున్నాయి. ఒకటి, పని లేకుండా ఉంటేనే డబ్బొస్తుంది కాబట్టి ఇంకాస్త ఉందామనుకోవడం. సోమరితనం వాదన చెప్పేవాళ్ళు చూసేది దీన్నే, అది అబద్ధం కాదు. రెండోది, చేతిలో డబ్బుంది కాబట్టి భయంతో దొరికిందల్లా పట్టుకోకుండా, తనకి తగింది వచ్చేదాకా ఆగగలగడం. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మనిషి ఇంకో రెండు వారాలు ఇంట్లోనే కనిపిస్తాడు. విడదీయడం ఎలా?

దీనికి నాకు తెలిసిన అందమైన దారి ఆస్ట్రియాలో దొరికింది. డేవిడ్ కార్డ్, రాజ్ చెట్టీ, ఆండ్రియా వెబర్ ముగ్గురూ కలిసి 2007లో అచ్చేసిన పరిశోధన అది. అప్పటి ఆస్ట్రియా చట్టం ప్రకారం ఒక కంపెనీలో మూడేళ్ళు నిండినవాణ్ణి తీసేస్తే రెండు నెలల జీతం ఒక్కసారిగా చేతిలో పెట్టాలి. మూడేళ్ళకి నాలుగు రోజులు తక్కువైతే ఏమీ లేదు. ఆ మూడేళ్ళ హద్దుకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు మిగతా అన్నిటిలో దాదాపు ఒకేలాంటి మనుషులు. ఇక్కడ కిటుకు చూడండి. ఈ రెండు నెలల జీతం రేపే పనిలో చేరినా నీదే, ఏడాది ఖాళీగా ఉన్నా నీదే. కాబట్టి ఖాళీగా ఉండమని ఇది ఎవరినీ ఊరించదు. సోమరితనం వాదనే మొత్తం నిజమైతే, ఈ డబ్బు అందినవాళ్ళూ అందనివాళ్ళూ ఒకే వేగంతో పనిలో చేరాలి.

చేరలేదు. డబ్బు అందినవాళ్ళు తొలి ఇరవై వారాల్లో పని దొరకబుచ్చుకునే వేగం 8 నుంచి 12 శాతం తక్కువ. అదే దేశంలో భృతిని 20 వారాల నుంచి 30 వారాలకి పొడిగిస్తే వేగం తగ్గింది 5 నుంచి 9 శాతమే. ఊరించని డబ్బు కూడా మనుషుల్ని ఆగనిచ్చిందంటే, ఆగడానికి కారణం ఊరింపు ఒక్కటే కాదు. అంతకుముందు వాళ్ళు ఆగలేకపోవడం కూడా. మరుసటి ఏడాది చెట్టీ అమెరికా లెక్కలతో ఇదే విడదీసి, భృతి వల్ల పెరిగిన వెతుకులాట కాలంలో దాదాపు 60 శాతం ఈ రెండో కారణం వల్లేనని తేల్చాడు. మన లెక్కలు కావివి. చీటీలు, బంగారం తాకట్టు, చేబదుళ్ళ మీద నడిచే గాజులరామారంలో ఆ వంతు ఇంకా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. నమ్మకమే, రుజువు కాదు.

నా వాదనకి అడ్డొచ్చే సంగతి కూడా చెప్పాలి. ఆగితే మంచి జీతం రావాలి కదా? శుభలేఖ మీద వచ్చింది. 9,000 భృతి ఉంటే చేరే జీతం సగటు 20,250 నుంచి 20,700కి పెరిగింది, రెండు శాతం పైన. ఆస్ట్రియాలో ఆ ముగ్గురూ వెతికారు. ఎక్కువకాలం ఆగినవాళ్ళ తర్వాతి జీతంలో తేడా ఏమీ కనబడలేదు. తర్వాత అదే దేశంలో నలభై ఏళ్ళు నిండినవాళ్ళకి భృతి 30 నుంచి 39 వారాలకి పెరగడాన్ని పట్టి చూస్తే, జీతం అర శాతం పెరిగిందని 2017లో ఇంకో పరిశోధన చెప్పింది. జర్మనీలో అయితే భృతి పొడిగించాక జీతాలు కొంచెం తగ్గాయి. అంటే ఆగడం వల్ల వచ్చే లాభాన్ని ఆగడమే కొంత తినేస్తోంది. ఇది మా వాడికి నాకన్నా బాగా తెలుసు. మూడు నెలల ఖాళీ తర్వాత వెళ్తే సూపర్‌వైజరు అడిగే మొదటి మాట "ఇన్నాళ్ళూ ఏం చేశావ్?" అదే. నా లెక్కలో ఆఫర్లు ఎన్ని నెలలైనా 14 నుంచి 22 వేల మధ్యే వస్తుంటాయి. బయట అవి నెల నెలా పలచబడతాయి.

కాబట్టి భృతి పెంచితే జీతాలు జోరుగా పెరుగుతాయని నేననను. జీతం పెరగకపోయినా, ఇల్లు మారకుండా, పాప బడి మానకుండా ఆ రెండు నెలలు గడవడం తక్కువ లాభమేమీ కాదనే అంటాను. దానికోసం కొంచెం నెమ్మది భరించవచ్చు.

ఇంతకీ 2019 ఫిబ్రవరిలో మా వాడికి ఆ ఈఎస్ఐ పథకం ఉంది కదా, ఎందుకు వాడుకోలేదు? ఉంది. వాడి కంపెనీ ఈఎస్ఐ కడుతూనే వచ్చింది. చందా రెండేళ్ళు దాటింది. కానీ అప్పటి నిబంధన ప్రకారం భృతి మొదలయ్యేది పని పోయిన 90 రోజుల తర్వాత. దరఖాస్తు కూడా చివరి యజమాని ద్వారా వెళ్ళాలి. యజమానేమో గేటుకి తాళం వేసుకుని ఫోన్ ఎత్తట్లేదు.

భృతి దండిగా ఉందా లేదా అని మాట్లాడేటప్పుడు అందరూ శాతమే చూస్తారు. పాతికా, సగమా? నా గీత లెక్కలో కూడా కనిపించేది అదే. చేతిలో డబ్బు లేనివాడి గీతని కదిలించేది మాత్రం అది ఏ రోజున మొదలవుతుందనేది. జనవరి నెలాఖరున పని పోయినవాడికి మే మొదటివారంలో 4,500 ఇస్తానంటే, ఫిబ్రవరి ఐదున వాడి గీత ఒక్క రూపాయి కూడా జరగదు. పైగా 90 రోజుల తర్వాత కూడా ఖాళీగా మిగిలేది ఎవరు? నా ఆరుగురిలో ఆ ఒక్కడు. లేదంటే ఎలాగూ ఆగగలిగినవాడు. భయంతో మొదటి నెలలోనే చేరిపోయిన మా వాడిలాంటి వాళ్ళందరూ వడగట్టినట్టు బయటే ఉండిపోతారు.

2020 ఆగస్టులో కరోనా మధ్య నిబంధనలు సడలించినప్పుడు పేపర్లన్నీ '25 నుంచి 50 శాతం' అని రాశాయి. అదే ప్రకటనలో ఇంకో రెండు మార్పులున్నాయి. 90 రోజుల నిరీక్షణ 30 రోజులకి తగ్గింది. దరఖాస్తు యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇచ్చుకోవచ్చన్నారు. నన్నడిగితే రెట్టింపు కన్నా ఈ రెండే పెద్దవి. ముప్ఫై రోజులంటే ఒక ఐదో తారీఖు ఎలాగోలా దాటాలి. ఒక్కటైతే దాటొచ్చు. వదినో, చిన్నాన్నో ఒక నెలకి ఇస్తారు, 'వచ్చే నెల ఈఎస్ఐ డబ్బులొస్తాయి' అని చెప్పుకోవచ్చు కాబట్టి. పని లేనోడికి పుట్టని అప్పు, భృతి రాబోయేవాడికి పుడుతుంది. రాబోయే డబ్బు కూడా గీతని నిలబెడుతుంది, అది దగ్గర్లో ఉంటే, వస్తుందన్న నమ్మకముంటే.

బాలానగర్‌లో చేరిన నెలన్నరకి మా వాడికి కూకట్‌పల్లి వైపు నుంచి 19,500కి ఫోనొచ్చింది. వెళ్ళలేకపోయాడు. చేరిన వారానికే అద్దె కోసం ఓనరు దగ్గర పదివేలు అడ్వాన్సు తీసుకున్నాడు, నెలకి వెయ్యి చొప్పున కోస్తున్నారు, అది తీరేదాకా కదలడానికి లేదు. ఆ సంగతి నాకు మా ఆవిడ చెప్పింది, వాడు చెప్పలేదు.

2020లో ఆ షెడ్డు కూడా లాక్‌డౌన్‌లో మూతపడింది. ఈసారి సెప్టెంబర్‌లో నేనే పేపర్ కటింగ్ పట్టుకెళ్ళాను. ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు అన్నీ తీసిపెట్టాడు. తర్వాత నిబంధనలున్న కాగితాన్ని నెమ్మదిగా చదివి ఒక వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగాడు. ఈ భృతి జీవితంలో ఒక్కసారే ఇస్తారు.

"ఒక్కసారేనా బావా? మరి ఇప్పుడే వాడేస్తే, ఇంతకన్నా కష్టమొస్తే?"

అప్పటికి వాడికి ముప్ఫై నాలుగు. మెషీన్ మీద ఇంకో పాతికేళ్ళు పని చెయ్యాలి. కాసేపు లెక్కపెట్టుకుందామని కాగితం అడిగాను. వాడు పాప నోటుపుస్తకం లోంచి ఒక పేజీ చింపి ఇచ్చాడు.